మెట్లు దిగినా వదలని వైఫై

హాల్లో టీవీ పక్కన రౌటర్. దానికి నాలుగడుగుల దూరంలో సోఫా. సోఫాలో కూర్చున్నాయన ఫోన్లో వైఫై గీతలు నాలుగింటికి మూడు కనిపిస్తున్నాయి. అయినా వీడియో మాత్రం కదలదు, మధ్యలో గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. విసుగొచ్చి వైఫై ఒకసారి ఆపేసి మళ్ళీ పెడతారు. అంతే, వీడియో పరుగెత్తుతుంది. నెట్ కంపెనీకి ఫిర్యాదు చేస్తే మనిషి వచ్చి రౌటర్‌కు లాప్‌టాప్ తగిలించి చూసి, "లైన్ బాగానే ఉంది సార్, మీ ఫోన్‌లోనే ఏదో ఉంది" అని వెళ్ళిపోతాడు.

అతను చెప్పింది చాలావరకు నిజమే. వైఫై ఆపి పెట్టగానే బాగుపడటమే అసలు ఆనవాలు. ఆపకముందు ఆ ఫోన్ ఎదురుగా ఉన్న రౌటర్‌తో మాట్లాడటం లేదు. పై అంతస్తులో పెట్టిన ఎక్స్‌టెండర్‌ను పట్టుకుని ఉంది. ఇందాక పైగదిలో ఉన్నప్పుడు దానికి తగులుకుంది, మెట్లు దిగి వచ్చినా వదల్లేదు. వైఫై ఆపడంతో ఆ బంధం తెగింది. మళ్ళీ పెట్టినప్పుడు చుట్టూ ఎవరెవరున్నారో కొత్తగా వెతికి, దగ్గరున్న రౌటర్‌ను ఎంచుకుంది.

ఇలా వదలని ఫోన్లను వైఫై పనిచేసేవాళ్ళు 'స్టిక్కీ క్లయింట్' అంటారు. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో పదుల సంఖ్యలో వైఫై పెట్టెలు బిగించేవాళ్ళకు ఇది పాత తలనొప్పి. రెండంతస్తుల ఇళ్ళలో ఎక్స్‌టెండర్లు పెరిగాక ఇప్పుడు ఇంటింటికీ వచ్చింది.

చాలామంది అనుకునేదేమిటంటే, ఏ ఫోన్ ఎక్కడ తగులుకోవాలో రౌటరే తేలుస్తుందని. సెల్ టవర్ల సంగతి అలాగే ఉంటుంది. ఫోన్ తనకు వినిపిస్తున్న టవర్ల బలాబలాలు చెబుతుంటే, ఎప్పుడు ఏ టవర్‌కు మార్చాలో నెట్‌వర్కే నిర్ణయిస్తుంది. అందుకే రైల్లో వెళ్తూ మాట్లాడుతున్నా కాల్ తెగకుండా సాగుతుంది. వైఫైలో ఆ పెత్తనం ఫోన్‌ది. ఎప్పుడు వదలాలి, ఎవరిని పట్టుకోవాలి అన్నది ఫోన్‌లోని వైఫై చిప్పు, దాని సాఫ్ట్‌వేర్ కలిసి తేల్చుకుంటాయి. ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు ఇలా మారడాన్నే 'రోమింగ్' అంటారు. మొబైల్ బిల్లులో కనిపించే రోమింగ్‌కూ దీనికీ సంబంధం లేదు.

ఫోన్ ఏ లెక్కన నిర్ణయించుకుంటుందో తెలియాలంటే సిగ్నల్ కొలిచే అంకె ఒకటి తెలియాలి. దాన్ని డీబీఎంలలో చెబుతారు. వైఫైలో అది ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటుంది కాబట్టి సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ. రౌటర్ పక్కన నిలబడితే మైనస్ 40 ప్రాంతంలో కనిపిస్తుంది. వీడియో కాల్ హాయిగా సాగడానికి మైనస్ 67 దాకా ఫర్వాలేదని నెట్‌వర్క్ ఇంజినీర్లు లెక్క వేసుకుంటారు. మైనస్ 80కి దిగితే నెట్ ఉండీ లేనట్టే. ఈ కొలతలో పది మెట్లు దిగితే సిగ్నల్ పదో వంతు అవుతుంది, మూడు మెట్లు దిగితే సగం. కాబట్టి 60కీ 70కీ మధ్య తేడా చూడటానికి చిన్నదే అయినా, అసలు బలంలో పది రెట్ల తేడా.

ఈ లెక్కను ఆపిల్ తన ఫోన్ల విషయంలో బహిరంగంగానే రాసి పెట్టింది. ఐఫోన్ ఇప్పుడున్న సిగ్నల్ మైనస్ 70 కంటే దిగువకు పడేదాకా ఇంకో పెట్టె కోసం వెతకడం మొదలుపెట్టదు. వెతికాక కూడా కొత్తగా దొరికినది ఉన్నదానికంటే కనీసం 8 డీబీ బలంగా ఉంటేనే మారుతుంది, అదీ ఆ సమయంలో డేటా నడుస్తుంటే. ఫోన్ ఖాళీగా ఉంటే 12 డీబీ తేడా కావాలి. ఆపిల్ లాప్‌టాప్‌లు ఇంకా మొండివి, మైనస్ 75 దాకా కదలవు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ అంకెలు కంపెనీని బట్టి, చిప్పును బట్టి మారతాయి. పద్ధతి మాత్రం దాదాపు ఇదే.

ఫోన్‌కు ఇంత బద్ధకం ఎందుకు? ఇంకో పెట్టె ఉందో లేదో తెలుసుకోవాలంటే ఫోన్ తన ఛానల్ వదిలి మిగతా ఛానళ్ళు ఒక్కొక్కటీ విని రావాలి. వైఫై పెట్టెలు సాధారణంగా సెకనుకు పదిసార్ల చొప్పున 'నేనిక్కడున్నాను' అని చాటుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో రాడార్లతో పంచుకునే కొన్ని ఛానళ్ళలో ఫోన్ ముందుగా పిలవకూడదు, ఆ చాటింపు వినపడేదాకా ఒక్కో ఛానల్‌లో సెకనులో పదో వంతు కాచుకుని ఉండాలి. అలా తిరుగుతున్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతుంది, నడుస్తున్న కాల్ తడబడుతుంది. పైగా రెండు పెట్టెల మధ్య సరిగ్గా సమానంగా వినిపించే చోట కూర్చుంటే, ఫోన్ క్షణానికోసారి అటూ ఇటూ గెంతుతూ అసలు పనే చేయదు. అందుకే తయారుచేసేవాళ్ళు దానికి కాస్త మొండితనం నేర్పారు. సిటీ బస్సులో సీటు దొరికినవాడు వెనకే ఖాళీ బస్సు వస్తోందని తెలిసినా దిగడు కదా, అదే వరస.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క చూద్దాం. మన ఊళ్ళలో మామూలుగా కనిపించే కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్ ఉన్న ఇల్లే అనుకుందాం. మధ్యలో ఇనుప చువ్వలతో పోసిన స్లాబు. ఫైబర్ కేబుల్ వీధి వైపు కిటికీలోంచి కింది హాల్లోకి వస్తుంది కాబట్టి రౌటర్ అక్కడే. నెట్ ప్లాను 100 ఎంబీపీఎస్. పైన వెనకవైపు పడకగదిలో నెట్ రావడం లేదని, ఆ గదిలోనే ప్లగ్గుకు ఎక్స్‌టెండర్ తగిలించారు. ఇక్కడ చెప్పే అంకెలు ఇలాంటి ఇంట్లో మామూలుగా కనిపించేవి. గోడల మందం, బీరువాలు, పక్కింటివాళ్ళ వైఫై బట్టి ఇంటింటికీ మారతాయి.

పైగదిలో మంచం మీద ఫోన్‌కు ఎక్స్‌టెండర్ మైనస్ 45తో వినిపిస్తుంది. నాలుగు గీతలూ నిండుగా ఉంటాయి. కానీ ఎక్స్‌టెండర్ సొంతంగా నెట్ పుట్టించదు. కింది రౌటర్ నుంచి గాలిలోనే అందుకుని, మళ్ళీ గాలిలోనే ఫోన్‌కు అందిస్తుంది. ఆ పైగదిలో స్లాబు, రెండు గోడలు దాటి వచ్చిన రౌటర్ సిగ్నల్ ఎక్స్‌టెండర్‌కు 2.4 గిగాహెర్ట్జ్‌లో మైనస్ 69గా అందుతోంది. ఫోన్ తెర మీది గీతలు చూపించేది ఫోన్‌కూ ఎక్స్‌టెండర్‌కూ మధ్య ఉన్న అడుగు దూరాన్నే. ఎక్స్‌టెండర్‌కూ రౌటర్‌కూ మధ్య దారి ఎంత అధ్వాన్నంగా ఉందో ఆ గీతలకు తెలియదు.

ఇంకో నష్టమూ ఉంది. అందుకోవడానికీ అందించడానికీ ఒకే రేడియో వాడే ఎక్స్‌టెండర్ ఒకేసారి రెండు పనులూ చేయలేదు. ఒక్కో ముక్కను ముందు విని, తర్వాత అదే ఛానల్‌లో మళ్ళీ పలుకుతుంది. అక్కడే వేగం సగానికి పడిపోతుంది. బలహీనమైన దారి, దాని మీద ఈ సగం కోత కలిసి 100 ఎంబీపీఎస్ ప్లాను పైగదికి చేరేసరికి పది, పన్నెండుగా మిగులుతుంది. సాయంత్రం చుట్టుపక్కల ఇళ్ళన్నీ ఆన్‌లైన్‌కు వచ్చే వేళకు అది మూడు, నాలుగుకు దిగుతుంది.

మనిషి ఫోన్‌తో మెట్లు దిగి హాల్లోకి వచ్చాడు. రేడియో దారి రెండు వైపులా ఒకటే. రౌటర్ మాట ఎక్స్‌టెండర్‌కు ఎంత నీరసంగా వినిపిస్తుందో, రౌటర్ పక్కన కూర్చున్న ఫోన్‌కు ఎక్స్‌టెండర్ మాట కూడా ఇంచుమించు అంతే నీరసంగా వినిపిస్తుంది. అంటే సోఫాలోని ఫోన్‌కు ఎక్స్‌టెండర్ మైనస్ 68గా అందుతోందన్నమాట. అదే చోట రౌటర్ సిగ్నల్ మైనస్ 42. రెంటికీ మధ్య 26 డీబీ తేడా, బలంలో దాదాపు 400 రెట్లు. అంత తేడా ఉన్నా ఐఫోన్ కదలదు. ఎందుకంటే 68 ఇంకా 70 గీత దాటలేదు. గీత దాటలేదు కాబట్టి అది వెతకనే వెతకదు, వెతకదు కాబట్టి పక్కనే 42 ఉందన్న సంగతే దానికి తెలియదు.

ఇదంతా ఊహ కాదని తేల్చుకోవడానికి రెండు సంగతులు కావాలి. ఫోన్ ప్రస్తుతం ఏ పెట్టెను పట్టుకుని ఉంది, ఆ పట్టు ఎంత బలంగా ఉంది. మొదటిదానికి BSSID అనే గుర్తు ఉపయోగపడుతుంది. వైఫై పేరు ఇంటి మొత్తానికి ఒకటే ఉండొచ్చు కానీ, ఒక్కో పెట్టెలో ఒక్కో బ్యాండుకు వేరే BSSID ఉంటుంది. పన్నెండు అక్షరాలూ అంకెలూ జంటలుగా రాసి ఉంటుంది. ఏది రౌటర్‌ది, ఏది ఎక్స్‌టెండర్‌ది అని పెట్టె కింద అతికించిన చీటీ చూసి పోల్చుకోవచ్చు. అక్కడ ఉన్న అంకెకూ తెర మీద కనిపించేదానికీ చివర ఒకటి రెండు అక్షరాల తేడా ఉండటం మామూలే. చీటీ చెరిగిపోతే ఎక్స్‌టెండర్‌ను ఒక నిమిషం ప్లగ్గులోంచి తీసేస్తే చాలు, జాబితాలోంచి ఏ గుర్తులు మాయమైతే అవి దానివి.

ఆండ్రాయిడ్ ఫోన్లో ఈ అంకెలు దాచి ఉంటాయి. సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాలున్న చోట Build number మీద ఏడుసార్లు తడితే Developer options తెరుచుకుంటుంది. అందులో Enable Wi-Fi verbose logging పెట్టాక, వైఫై జాబితాలో కనెక్ట్ అయిన పేరు కింద BSSIDతోపాటు మైనస్ అంకె కనిపిస్తుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో ఇది ఉండదు. అలాంటప్పుడు WiFiman లాంటి ఉచిత యాప్ అదే చూపిస్తుంది. ఒక చిన్న మెలిక ఉంది. ఆండ్రాయిడ్ 9 నుంచి యాప్‌లు రెండు నిమిషాల్లో నాలుగుసార్లకు మించి స్కాన్ చేయడానికి వీల్లేదు. అందుకని గది మారగానే చుట్టుపక్కల పెట్టెల అంకెలు మారలేదని కంగారు పడనక్కర్లేదు, కాసేపు ఆగి చూడాలి.

ఐఫోన్లో ఆపిల్ సొంత యాప్ AirPort Utility ఉంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు కింద Wi-Fi Scanner ఆన్ చేస్తే చుట్టూ ఉన్న పెట్టెలూ వాటి బలాలూ వస్తాయి. ఫోన్ ఎవరిని పట్టుకుందో మాత్రం ఇది చెప్పదు. అందుకు Shortcuts యాప్‌లో Get Network Details అనే చర్య పెట్టుకుని BSSID అడగాలి. విండోస్ లాప్‌టాప్ వాడేవాళ్ళకు పని ఇంకా తేలిక. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ రెండు వరుసలు కొడితే చాలు:

```
netsh wlan show interfaces
ping -n 20 192.168.1.1
```

మొదటిది BSSIDనూ సిగ్నల్‌నూ చూపిస్తుంది. కొత్త విండోస్‌లో ముందు లొకేషన్ అనుమతి అడుగుతుంది. సిగ్నల్ శాతంలో కనిపిస్తే, మైనస్ 50 అంటే నూరు శాతం, మైనస్ 100 అంటే సున్నా అని విండోస్ లెక్క, కాబట్టి 60 శాతం అంటే సుమారు మైనస్ 70. రెండో వరుస రౌటర్‌ను ఇరవైసార్లు పలకరించి ఎంతసేపటికి జవాబు వచ్చిందో చెబుతుంది. అక్కడ రాసిన చిరునామా చాలా రౌటర్లకు సరిపోతుంది. మీ రౌటర్‌ది వేరైతే `ipconfig` కొట్టినప్పుడు Default Gateway ఎదురుగా కనిపించేది వేయాలి.

ఈ రెండో పరీక్షకే విలువ ఎక్కువ. ఇది బయటి ఇంటర్నెట్‌తో సంబంధం లేకుండా ఇంటి లోపలి దారిని మాత్రమే కొలుస్తుంది. సోఫాలో కూర్చుని రౌటర్‌నే నేరుగా పట్టుకున్న పరికరానికి రెండు నుంచి ఐదు మిల్లీసెకన్లలో జవాబొస్తుంది, ఇరవై జవాబులూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. పైగది ఎక్స్‌టెండర్ మీదుగా అయితే ఒకటి 12, ఇంకోటి 180, మరోటి 40, మధ్యలో ఒకటి రెండుచోట్ల Request timed out అని వస్తుంది. సగటు కంటే ఈ చిందరవందరే గమనించాల్సింది. వీడియో కాల్‌లో మాట ముక్కలైపోవడానికి కారణం అదే. కూర్చున్నచోటు కదలకుండా వైఫై ఆపి పెట్టి మళ్ళీ పింగ్ చేయాలి. BSSID మారి అంకెలు కుదురుకుంటే రోగం తేలిపోయినట్టే. BSSID మారినా అంకెలు చెడ్డగానే ఉంటే నేరం ఎక్స్‌టెండర్‌ది కాదు, ఛానల్ రద్దీనో రౌటర్‌నో అనుమానించాలి.

రోగం తేలాక చేసే మొదటి పని డబ్బు ఖర్చు లేనిది. పేర్లు చూడాలి. చాలా ఎక్స్‌టెండర్లు రౌటర్ పేరుకు చివర _EXT తగిలించి కొత్త పేరుతో మొదలవుతాయి. పేరు వేరైతే ఫోన్ దృష్టిలో అవి రెండు వేర్వేరు నెట్‌వర్కులు. అక్కడ రోమింగ్ అనే మాటే లేదు, ఉన్నది పూర్తిగా తెగేదాకా పట్టుకుని వేలాడే ఫోన్లే ఎక్కువ. పేరూ పాస్‌వర్డూ భద్రతా రకమూ మూడూ రెండు పెట్టెల్లో అచ్చంగా ఒకటే ఉంటేనే ఫోన్ వాటిని ఒకే కుటుంబంగా చూస్తుంది. ఒకదాంట్లో WPA2, ఇంకోదాంట్లో WPA3 మాత్రమే పెడితే పేరు ఒకటైనా మార్పు సజావుగా సాగదు.

రెండోది చోటు. సిగ్నల్ లేని గదిలోనే ఎక్స్‌టెండర్ పెట్టడం అందరూ చేసేదే, అదే పొరపాటు. అక్కడ రౌటర్ మాట సరిగ్గా వినపడకే కదా దాన్ని తెచ్చింది, వినపడనిచోట అది మాత్రం ఏం విని ఏం చెబుతుంది? రౌటర్ సిగ్నల్ ఇంకా బలంగా ఉన్నచోట, అంటే సుమారు సగం దారిలో దాన్ని పెట్టాలి. మన ఉదాహరణ ఇంట్లో అది పైమెట్టు పక్కనున్న గోడ ప్లగ్గు. మెట్ల దారి తెరిచి ఉంటుంది కాబట్టి స్లాబును చుట్టుకుని సిగ్నల్ అక్కడికి చేరుతుంది. అక్కడ రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్‌లో మైనస్ 54, 5 గిగాహెర్ట్జ్‌లో మైనస్ 62గా వినిపిస్తుంది. పైగది వేగం వెంటనే మెరుగవుతుంది.

అయితే ఇందాక చెప్పుకున్న రెండు వైపులా ఒకటే దారి అన్న సూత్రం ఇక్కడ ఎదురు తిరుగుతుంది. ఎక్స్‌టెండర్‌కు రౌటర్ బాగా వినిపిస్తోందంటే, హాల్లోని ఫోన్‌కు ఎక్స్‌టెండర్ కూడా బాగా వినిపిస్తుంది. మైనస్ 68 ఉన్నది ఇప్పుడు 62, 54 అయింది. 70 గీత ఇంకా దూరం జరిగింది. ఫోన్ ఇదివరకటి కంటే గట్టిగా అంటిపెట్టుకుంటుంది. పట్టుకున్న దారి ఇప్పుడు బాగుంది కాబట్టి నష్టం తగ్గుతుంది, అదొక్కటే ఊరట. కొందరు ఈ దశలోనే ఆగిపోతారు, ఆగినా తప్పులేదు. హాల్లో 90 రావాల్సింది 40 వస్తే చాలామందికి తేడా తెలియదు.

తెలిసేవాళ్ళు ఇంకొక అడుగు వేయాలి. అది వినడానికి తలకిందులుగా ఉంటుంది, ఎక్స్‌టెండర్ గొంతు తగ్గించడం. రెండు బ్యాండులున్న ఎక్స్‌టెండర్లలో కొన్నింటికి ఒక వసతి ఉంటుంది. ఒక బ్యాండును రౌటర్‌తో మాట్లాడటానికి, ఇంకో బ్యాండును ఫోన్లకు కేటాయించవచ్చు. మన ఇంట్లో రౌటర్ వైపు 2.4, ఫోన్ల వైపు 5 ఇచ్చామనుకుందాం. రెండూ వేర్వేరు రేడియోలు కాబట్టి విని పలికేటప్పుడు వచ్చే సగం కోత పోతుంది. మైనస్ 54 ఉన్న 2.4 దారిలో 50 ఎంబీపీఎస్ దాకా ఆశించవచ్చు. ఇక ఫోన్ల వైపున్న 5 గిగాహెర్ట్జ్ రేడియో బలాన్ని, Transmit power అని కనిపించేచోట High నుంచి ఒకటి రెండు మెట్లు దించాలి. అలా 9 డీబీ తగ్గిందనుకుంటే, పైగదిలో మైనస్ 51 ఉన్నది 60 అవుతుంది. వీడియోకు అది ఏ లోటూ చేయదు. హాల్లో మాత్రం మైనస్ 62 ఉన్నది 71 అవుతుంది. గీత దాటింది. ఐఫోన్ ఇప్పుడు వెతుకుతుంది, మైనస్ 42తో రౌటర్ కనిపిస్తుంది, 29 డీబీ తేడా చూసి మారిపోతుంది. రౌటర్ వైపున్న రేడియోను ముట్టుకోలేదు కాబట్టి ఆ దారి బలం తగ్గదు.

అన్ని ఎక్స్‌టెండర్లలో ఈ మీటలు ఉండవు. చవక రకాల్లో, నెట్ కంపెనీలు ఇచ్చేవాటిలో బలం తగ్గించే చోటే కనిపించకపోవచ్చు. ఒకే బ్యాండు ఉన్నవాటిలో గొంతు తగ్గిస్తే రౌటర్‌తో మాట్లాడే గొంతూ తగ్గుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా దించి పింగ్ చూసుకోవాలి. ఎక్కువమంది చేసే పని దీనికి సరిగ్గా వ్యతిరేకం, ఇంకా పెద్ద యాంటెన్నాలున్న ఎక్స్‌టెండర్ కొని తెస్తారు. దానితో పైగదిలో గీతలు పెరుగుతాయి, కింద అంటుకోవడమూ పెరుగుతుంది.

పెట్టె మీద 802.11k, 802.11v, 802.11r అని రాసి ఉంటే అవి ఈ వదలని జబ్బుకు మందులుగానే పుట్టాయి. కె, ఆర్ అనేవి 2008లో, వి 2011లో ప్రమాణాల్లోకి చేరాయి. కె పని ఇరుగుపొరుగు జాబితా ఇవ్వడం. ఫోన్ అడిగితే పెట్టె తన పక్కన ఏయే పెట్టెలు ఏ ఛానల్‌లో ఉన్నాయో చెబుతుంది, దాంతో ఫోన్ అన్ని ఛానళ్ళూ తిరగక్కర్లేదు. వి ద్వారా పెట్టెకు ఒక మాట చెప్పే వీలొస్తుంది: 'నీకు ఫలానా పెట్టె మేలు, అక్కడికి వెళ్ళు' అని. ఆర్ మాత్రం మారేటప్పుడు జరిగే తాళాల మార్పిడిని కుదించి, ఆ తడబాటు సమయాన్ని తగ్గిస్తుంది.

మూడింటిలో ఇంటి జబ్బుకు బాగా పనికొచ్చేది వి. ఫోన్ 70 గీత దాటకపోయినా రౌటర్ వైపు నుంచి సూచన వెళ్తుంది. అదీ సూచనే, ఆజ్ఞ కాదు, ఫోన్ కాదనొచ్చు. ఆర్ వల్ల పెద్ద లాభం పొందేది ఒక్కో మనిషికీ వేరే పాస్‌వర్డు ఉండే ఆఫీసులు. ఒకే పాస్‌వర్డు ఉన్న ఇంట్లో ఆ మార్పిడి ఎలాగూ చిన్నదే, పైగా ఆర్ పెట్టాక పాత ప్రింటర్లో, పాత కెమెరాలో కనెక్ట్ కాకుండా మొరాయించడం కద్దు. అన్నిటికంటే ముఖ్యమైన పరిమితి ఇంకొకటి. ఒక కంపెనీ రౌటర్, వేరే కంపెనీ ఎక్స్‌టెండర్ అయితే ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. రెంటి మీదా కె, వి అని రాసి ఉన్నా ఇరుగుపొరుగు జాబితాలో ఇచ్చుకోవడానికి ఏమీ ఉండదు. ఒకే కంపెనీ మెష్ సెట్లు ఈ విషయంలో మెరుగ్గా ఉండటానికి కారణం ఇదే, అందులోని పెట్టెలన్నీ ఒకరి లెక్క ఒకరికి చెప్పుకుంటాయి.

కొన్ని ఖరీదైన పెట్టెల్లో మొరటు పద్ధతి కూడా ఉంది. ఫోన్ సిగ్నల్ ఇంత కంటే పడితే గెంటేయమని ఒక అంకె పెట్టవచ్చు. ఎక్స్‌టెండర్‌లో మైనస్ 65 అని పెడితే హాల్లోకి దిగిన ఫోన్‌ను అదే తెంపేస్తుంది. కాకపోతే తెగిన ఫోన్ కొన్నిసార్లు బుద్ధిగా మళ్ళీ అదే తలుపు తడుతుంది. మేడ మీద బట్టలారేసుకుంటూ పాటలు వింటున్నవాళ్ళకు వేరే పెట్టె అందక నెట్టే పోతుంది. అంకె పెట్టేముందు ఇంట్లో చివరి మూల దాకా నడిచి కొలుచుకున్నవాళ్ళే ఈ మీట ముట్టుకోవాలి.

ఇల్లు కట్టేటప్పుడో రంగులేయించేటప్పుడో ఒక లాన్ కేబుల్ పైకి లాగించగలిగితే ఈ గొడవలో సగం పోతుంది. చాలా ఎక్స్‌టెండర్లకు కింద ఒక లాన్ పోర్టు ఉంటుంది, సెట్టింగ్స్‌లో Access Point mode ఉంటుంది. కేబుల్ తగిలించి ఆ మోడ్‌కు మారిస్తే అది గాలిలో వినడం మానేస్తుంది, ఫోన్లకు అందించడమే దాని పని. అప్పుడు దాన్ని ఎక్కడంటే అక్కడ, పైగది చివర కూడా పెట్టుకోవచ్చు. ఛానల్ కూడా రౌటర్‌ది కాకుండా వేరేది ఇవ్వొచ్చు. ఫోన్ దాన్ని పట్టుకుని హాల్లోకి వచ్చినా వెనక దారి తీగ కాబట్టి కాసేపు వేలాడినా తేడా పెద్దగా ఉండదు. కొనేముందు ఆ పోర్టు వేగం చూసుకోవాలి. చవక ఎక్స్‌టెండర్లలో అది 100 ఎంబీపీఎస్‌కే పరిమితం, 300 ప్లాను తీసుకున్నవాళ్ళకు అక్కడే బిగుసుకుపోతుంది.

లాప్‌టాప్ వాడేవాళ్ళకు ఇంకో వెసులుబాటు ఉంది. ఇంటెల్ వైఫై కార్డున్న విండోస్ యంత్రంలో Device Manager తెరిచి, ఆ కార్డు Advanced పేజీలో చూస్తే Roaming Aggressiveness అని ఐదు మెట్లు ఉంటాయి. మామూలుగా మధ్య మెట్టు మీద ఉంటుంది. ఒక మెట్టు పెంచితే యంత్రం తొందరగా వెతకడం మొదలుపెడుతుంది. అన్నిటికంటే పైమెట్టు పెడితే కూర్చున్నచోటే గెంతులేయడం మొదలెడుతుంది కాబట్టి అంతదూరం పోనక్కర్లేదు. ఫోన్లలో ఇలాంటి మీట మామూలు మనిషి చేతికి ఇవ్వలేదు.

మార్పులన్నీ అయ్యాక పరీక్ష నడుస్తూనే చేయాలి. పైగదిలో ఎవరికైనా వీడియో కాల్ కలిపి, ఒక్కో మెట్టూ మామూలు నడకతో దిగి హాల్లో సోఫా దాకా వచ్చి కూర్చుని BSSID చూడాలి. దిగుతుండగా బొమ్మ ఒక్క క్షణం ఆగి మళ్ళీ సాగితే మారిందన్నమాట. కూర్చున్న అర నిమిషానికి కూడా పాత గుర్తే ఉంటే బలం ఇంకో మెట్టు దించాలి. తర్వాత అదే నడక వెనక్కి, పైకి. ఎక్కేటప్పుడు ఫోన్ రౌటర్‌ను వదలకుండా పైగది దాకా ఈడ్చుకెళ్తే గొంతు మరీ తగ్గించేసినట్టు. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే నాలుగింటితోనూ నడవాలి, ఎందుకంటే ఒక్కోదాని గీత ఒక్కోచోట ఉంటుంది. ఎన్ని చేసినా కదలని పాత ఫోన్ ఒకటి దొరుకుతుంది. ఎప్పుడూ కిందే వాడేదైతే దాని కోసం ఎక్స్‌టెండర్‌కు వేరే పేరే ఉంచి, ఆ ఫోన్లో మాత్రం ఆ పేరును మరిచిపొమ్మని చెప్పడమే మిగిలిన దారి. దానివల్ల ఇంట్లో మిగతా ఫోన్లకు రోమింగ్ పోతుంది కాబట్టి, ఆ ఒక్క ఫోన్ మార్చడమే చౌకేమో ఇంటివాళ్ళు లెక్క వేసుకోవాలి.